ముందు నూట యాభై వస్తుంది: టాస్క్ ఉద్యోగాల మోసం చాట్‌లో ఎలా నడుస్తుంది

ఇంటి దగ్గరే కూర్చుని హోటళ్లకు రేటింగ్ ఇవ్వడం, వీడియోలకు లైక్ కొట్టడం, గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూ రాయడం లాంటి చిన్న పనులకు డబ్బులిస్తామంటూ మొదలై, చివరికి పని చేసేవాళ్ల దగ్గరే లక్షలు కట్టించుకునే మోసాన్ని పోలీసులు పార్ట్‌టైమ్ జాబ్ మోసం అనీ, టాస్క్ ఫ్రాడ్ అనీ పిలుస్తారు. ఆన్‌లైన్ మోసాల్లో చాలావాటిలో బాధితుడి జేబులోంచే ముందు డబ్బు పోతుంది. దీంట్లో మాత్రం ముందు బాధితుడి ఖాతాలోకే వస్తుంది. వచ్చేది నూటయాభయ్యో రెండొందలో అయినా నిజంగా వస్తుంది, ఆ డబ్బుతో కూరగాయలు కొనుక్కోవచ్చు. చదువుకున్నవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, బ్యాంకు లావాదేవీలు బాగా తెలిసినవాళ్లు కూడా ఇందులో పడుతున్నారంటే ముఖ్యమైన కారణం ఇదే.

2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన కేసు ఈ మోసం ఎంత పెద్దదో చూపించింది. రేటింగులు, రివ్యూల పని పేరుతో టెలిగ్రామ్‌లో పరిచయమైనవాళ్లకు సుమారు 28 లక్షల రూపాయలు పోగొట్టుకున్న ఒక నగరవాసి ఫిర్యాదుతో దర్యాప్తు మొదలైంది. ఆ డబ్బు వెళ్లిన ఖాతాల వెంట పోలీసులు పోతే దేశం మొత్తం మీద 15 వేల మంది దాకా బాధితులు, 712 కోట్ల రూపాయల మోసం లెక్క తేలాయి. సొమ్ములో కొంత క్రిప్టో కరెన్సీగా మారి దేశం దాటిందని కూడా తేలింది. అదే ఏడాది డిసెంబరులో ఇలాంటి పార్ట్‌టైమ్ ఉద్యోగాలు, పెట్టుబడుల ముసుగులో నడుస్తున్న వందకు పైగా వెబ్‌సైట్లను కేంద్ర ప్రభుత్వం మూయించింది. సైట్లు మూతపడినా కొత్త పేర్లతో మళ్లీ వస్తాయి. పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు ఎన్ని మారినా మారనిది చాట్ నడిచే వరుస. అందుకే కంపెనీ అసలుదా నకిలీదా అని వెతకడం కంటే ఆ వరుసను గుర్తుపట్టడం తేలిక.

ఆ వరుసను ఒక నమూనాతో చూడవచ్చు. కింది కథలోని గృహిణి కల్పిత పాత్ర, అంకెలు కూడా లెక్క అర్థమవడానికి వేసుకున్నవే. అడుగులు మాత్రం ఫిర్యాదుల్లో పదే పదే కనిపించేవి.

వాట్సాప్‌లో తెలియని నంబరు నుంచి మెసేజ్ వస్తుంది. ‘హలో, నేను ఫలానా డిజిటల్ మార్కెటింగ్ కంపెనీ హెచ్‌ఆర్‌ని. ఒక నిమిషం మాట్లాడవచ్చా?’ ప్రొఫైల్‌లో చక్కగా నవ్వుతున్న అమ్మాయి ఫొటో ఉంటుంది. ఎస్ అనగానే పని వివరం వస్తుంది: గూగుల్ మ్యాప్స్‌లో హోటళ్లకు ఐదు నక్షత్రాల రేటింగ్ ఇవ్వాలి, ఒక్కోదానికి 50 రూపాయలు, రోజుకు రెండు మూడు వేలు సంపాదించవచ్చు, అనుభవం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. ‘ముందు ట్రయల్‌గా మూడు టాస్కులు చేయండి. డబ్బు వచ్చాకే నమ్మండి’ అంటారు. మూడు హోటళ్ల లింకులు పంపుతారు. ఆవిడ రేటింగ్ ఇచ్చి, స్క్రీన్‌షాట్లు తీసి పంపుతుంది.

ఇక్కడ మొదటి మలుపు. ‘మీ జీతం 150 రూపాయలు. తీసుకోవడానికి టెలిగ్రామ్‌లో మా రిసెప్షనిస్టును కలవండి, ఈ కోడ్ చెప్పండి’ అంటూ ఒక లింకు, ఒక అంకె ఇస్తారు. టెలిగ్రామ్‌లో ఇంకో మనిషి పేరు, వయసు, వృత్తి, ఖాతా వివరాలు లేదా యూపీఐ ఐడీ అడుగుతాడు. అయిదు నిమిషాల్లో 150 రూపాయలు పడతాయి. వయసు, వృత్తి అడిగింది జీతం కోసం కాదు. ఎవరి దగ్గర ఎంత లాగవచ్చో అంచనా వేసుకోవడానికి ఆ రెండు వివరాలూ పనికొస్తాయి. టెలిగ్రామ్‌కు మార్చడానికీ కారణం ఉంది. అక్కడ ఫోన్ నంబరు చూపించకుండా యూజర్‌నేమ్‌తోనే మాట్లాడవచ్చు, పెద్ద పెద్ద గ్రూపులు నడపవచ్చు, అవసరమైతే చాట్‌ను ఇద్దరి వైపు నుంచీ చెరిపేయవచ్చు.

తర్వాత ఆవిడను వందల మంది ఉన్న గ్రూపులో చేరుస్తారు. పొద్దున్నుంచి రాత్రి దాకా గంటకో టాస్కు. సభ్యులు స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు, ‘డబ్బు వచ్చింది, థాంక్యూ మేడమ్’ అని రాస్తుంటారు. ఆవిడ ఇంకో రెండు రివ్యూలు చేస్తే వంద రూపాయలు వస్తాయి. ఆ తర్వాత టాస్కు వేరే రకం. దాన్ని ప్రీపెయిడ్ టాస్క్, మర్చంట్ టాస్క్, వెల్‌ఫేర్ టాస్క్ ఇలా రకరకాల పేర్లతో పిలుస్తారు. వెయ్యి రూపాయలు కడితే 1,300 తిరిగొస్తాయి. కట్టకపోతే ఇకమీదట రివ్యూకు 50 కాదు 20 రూపాయలే, లేదా గ్రూపులోంచి తీసేస్తారు. ఆవిడ వెయ్యి కడుతుంది. పావుగంటలో 1,300 పడతాయి. మర్నాడు మూడు వేలు కడితే 3,900 వస్తాయి.

ఈ మోసం మొత్తంలో నిలబడి చూడాల్సిన చోటు ఇదే. అప్పటిదాకా ఆవిడ పని చేసి డబ్బు తీసుకుంటోంది. ఈ మెట్టు దగ్గర డబ్బు పారే దిక్కు మారింది. జీతం తీసుకోవాల్సిన మనిషి కట్టే మనిషి అయింది. ఇది ఉద్యోగం కాదు, పైగా ఇందులో కొన్న వస్తువూ లేదు. రోజుకు ముప్ఫై శాతం లాభం ఇచ్చే వ్యాపారం ఏదైనా ఉంటే దాని యజమాని అపరిచితులను వాట్సాప్‌లో వెతుక్కోనక్కర్లేదు. అయినా ఆవిడ అలా ఆలోచించలేకపోవడం సహజమే. తనే కట్టి, తనే వెనక్కి తీసుకుని, బ్యాంకు మెసేజ్ కళ్లారా చూసింది. మోసగాడు మాట మీద నమ్మకం అడగలేదు, రుజువే చేతిలో పెట్టాడు.

ఆ రుజువుకు అయిన ఖర్చు లెక్క కడితే చాలా తక్కువ. రివ్యూలకు ఇచ్చింది 250, రెండుసార్లు కలిపి వచ్చిన లాభం 300, 900. మొత్తం 1,450 రూపాయలు. తిరిగి పంపిన 5,200 లో నాలుగు వేలు ఆవిడ సొంత డబ్బే. పెట్టిన పెట్టుబడి ఇంతే. ఇక మిగిలిన కథంతా దాన్ని రాబట్టుకోవడం.

మూడో రోజు ఆవిడను నలుగురైదుగురు మాత్రమే ఉన్న చిన్న గ్రూపులోకి తీసుకుంటారు. వీఐపీ గ్రూపు అంటారు. ఒక ‘టీచర్’ లేదా ‘మెంటర్’ ఉంటాడు. వెబ్‌సైట్‌లో ఖాతా తెరిపిస్తారు. కట్టిన డబ్బు, లాభం అక్కడ అంకెలుగా కనిపిస్తాయి. ఇప్పుడు నియమం మారుతుంది: నాలుగు టాస్కుల సెట్ పూర్తయితేనే డబ్బు తీసుకోవచ్చు, మధ్యలో కుదరదు. ఈ మాట సెట్ మొదలయ్యే ముందు స్పష్టంగా చెప్పరు, మొదటిది కట్టాకే చెబుతారు. మొదటి టాస్కు 5 వేలు, రెండోది 18 వేలు, మూడోది 42 వేలు. అరవై అయిదు వేలు కట్టాక స్క్రీన్ మీద 84,500 కనిపిస్తుంది. ఆ అంకెను మోసగాళ్లు తమకు కావలసినట్టు టైప్ చేసుకుంటారు. దాని వెనక ఏ బ్యాంకు ఖాతా లేదు.

ఆవిడ వెనకాడితే గ్రూపులోని మిగతావాళ్లు మాట్లాడటం మొదలుపెడతారు. ‘మేం ముగ్గురం కట్టేశాం. మీ ఒక్కరి వల్ల మా డబ్బు ఆగిపోయింది.’ ఒకాయన తన కూతురి ఫీజు కట్టాలంటాడు. ఇంకొకామె, ‘నాకూ మొదట భయమేసింది, కట్టాక లక్షా ఇరవై వేలు వచ్చాయి’ అని విడిగా మెసేజ్ పెడుతుంది. ఆ గ్రూపులో ఆవిడ తప్ప అందరూ మోసగాళ్ల మనుషులే. చాలాసార్లు ఒకే మనిషి నాలుగు ఖాతాలతో రాస్తుంటాడు. బాధితులను లోపలే పట్టి ఉంచేది ఆశ అని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి ఈ దశలో పనిచేసేది ఆశ కంటే మొహమాటం, ఇతరులకు నష్టం చేశామన్న బాధ. ఇంట్లో చెప్పుకోలేని భయం కూడా దానికి తోడవుతుంది. అత్యాశకు పోయారని బాధితులను నిందించేవాళ్లు ఈ చాట్లను ఒక్కసారి మొదటి నుంచి చదివితే అలా మాట్లాడరు.

నాలుగో టాస్కులో ‘తప్పు’ జరుగుతుంది. మెంటర్ ‘కొను’ నొక్కమన్నప్పుడు ఆవిడ ‘అమ్ము’ నొక్కిందని, లేదా మొత్తాన్ని తప్పుగా ఎంచుకుందని స్క్రీన్‌షాట్ చూపిస్తారు. సైట్ వాళ్లదే కాబట్టి ఆవిడ ఏం నొక్కినా తప్పుగానే చూపించగలరు. ‘మీ పొరపాటు వల్ల ఖాతా స్తంభించింది. రిపేర్ టాస్కుకు 98 వేలు కడితే మొత్తం విడుదలవుతుంది.’ పొరపాటు తనదే అనుకున్నాక మనిషి ఎదుటివాడిని అనుమానించడం మానేసి, దాన్ని దిద్దుకునే దారి వెతుకుతుంది. బంగారం తాకట్టు పెట్టడం, యాప్‌లో అప్పు తీసుకోవడం, అన్నయ్యను వేరే కారణం చెప్పి డబ్బడగడం ఇక్కడే మొదలవుతాయి. ఆవిడ 98 వేలూ కడుతుంది. కట్టిన మొత్తం 1,63,000. స్క్రీన్ మీద 2,11,900.

ఇంత కట్టాక కూడా డబ్బు రాదు. క్రెడిట్ స్కోరు 80 కి పడిపోయింది, వంద చేసుకోవాలంటారు. లేదా 20 శాతం పన్ను, అంటే 42,380 రూపాయలు ముందు కట్టాలంటారు. ఉన్న డబ్బులోంచే మినహాయించుకోమంటే ‘సిస్టమ్ ఒప్పుకోదు’ అంటారు. అసలు విషయం ఈ జవాబులోనే బయటపడుతుంది. మన దేశంలో జీతం మీద గానీ కమిషన్ మీద గానీ పన్ను పట్టుకోవాల్సి వస్తే ఇచ్చేవాడే అందులోంచి కోసుకుని మిగతాది ఇస్తాడు. టీడీఎస్ అంటే అదే. సొంత డబ్బు తీసుకోవడానికి ముందుగా పన్ను తెచ్చి ఎవరో వ్యక్తి యూపీఐకి పంపమనే చట్టం ఎక్కడా లేదు. ఆవిడ ఇక్కడ ఆగితే పోయింది, వచ్చిన 1,450 తీసేయగా, 1,61,550 రూపాయలు. ఆగకపోతే పన్ను తర్వాత విడుదల రుసుము, దాని తర్వాత మనీ లాండరింగ్ విచారణ డిపాజిట్ అంటూ ఇంకో కారణం పుడుతూనే ఉంటుంది.

ఈ వరుసకు కొన్ని మారు రూపాలున్నాయి. రివ్యూల బదులు ఆన్‌లైన్ దుకాణంలో ‘ఆర్డర్లు పెంచే’ పని ఇచ్చే రకంలో రోజుకు నలభై ఆర్డర్ల మీద నొక్కాలి, ఒక్కోదానికి చిల్లర కమిషన్. మధ్యలో హఠాత్తుగా ‘కాంబో ఆర్డర్’ వస్తుంది, ఖాతాలో ఉన్నదానికంటే దాని ధర ఎక్కువ. బ్యాలెన్స్ మైనస్‌లోకి పోతుంది, ఆ లోటు పూడ్చితేనే ముందుకు కదులుతుంది. పేరు అదృష్టం, కమిషన్ పది రెట్లు అని గ్రూపులో అభినందనలు చెబుతారు. విదేశాల్లోని తెలుగువాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఈ రకమే. అమెరికాలో ఇది బాగా పెరిగిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 చివర్లో హెచ్చరించింది. అక్కడ డిపాజిట్‌ను సాధారణంగా క్రిప్టోలో అడుగుతారు. మన దగ్గర యూపీఐ, బ్యాంకు బదిలీలతో నడుస్తుంది.

ఏ రూపమైనా, గుర్తుపట్టడానికి కాస్త ముందే దొరికే ఆనవాలు డబ్బు పంపే తెరమీదే ఉంటుంది. పిన్ కొట్టే ముందు యూపీఐ యాప్ తీసుకునేవాడి పేరు చూపిస్తుంది. కంపెనీ పేరు ఒకటి, అక్కడ కనిపించేది ఎక్కడో వేరే రాష్ట్రంలోని వ్యక్తి పేరో, చిన్న దుకాణం పేరో. మరుసటి టాస్కుకు ఇంకో పేరు. ఉద్యోగమిచ్చే సంస్థ ప్రతిసారీ కొత్త మనిషి ఖాతాకు ఎందుకు కట్టించుకుంటుంది? అవి కమిషన్‌కు అద్దెకిచ్చిన ఖాతాలు, పోలీసుల భాషలో మ్యూల్ ఖాతాలు. ఒకదాన్ని బ్యాంకు స్తంభింపజేస్తే ఇంకోదానికి మారతారు. పని స్వభావంలోనూ ఆనవాలుంది. డబ్బిచ్చి రాయించుకునే రివ్యూలను గూగుల్ నిషేధించింది, లైకులు కొనడాన్ని యూట్యూబ్ ఒప్పుకోదు. అంటే ఆ కంపెనీల పేరు చెప్పి ఆ పనికి జీతమిచ్చే ఉద్యోగం అసలు ఉండదు. మొదటి మెసేజ్ ఒక్కటే చూసి మోసమని చెప్పలేకపోవచ్చు. చిన్న చిన్న పనులకు ఆన్‌లైన్‌లో నిజంగానే డబ్బిచ్చే సంస్థలున్నాయి. అవి సర్వేలు, ఫొటోలకు గుర్తులు పెట్టడం, ఆడియో విని రాయడం లాంటి పనులిస్తాయి. సంపాదన తక్కువ, నెమ్మది, కానీ డిపాజిట్ అడగవు. డిపాజిట్ మాట వచ్చిన క్షణంలో అనుమానం తీరినట్టే.

మొదట వచ్చిన ఆ నూటయాభై కూడా అమాయకమైన డబ్బు కాదు. అది తరచుగా ఇంకో బాధితుడి సొమ్ము తిరిగే ఖాతాల్లోంచే వస్తుంది. ఆ బాధితుడు ఫిర్యాదు చేస్తే పోలీసులు డబ్బు వెళ్లిన ప్రతి ఖాతా వెంటా వస్తారు. అలా రెండొందలు అందుకున్నవాళ్ల ఖాతా కూడా ఆగిపోయి, జీతం తీసుకోలేని పరిస్థితి ఏర్పడవచ్చు. డిపాజిట్ కట్టకుండా చిన్న మొత్తాలు తీసుకుని బయటపడదామనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చాట్ అవతలివైపున ఉన్నవాళ్లలో కూడా మోసపోయినవాళ్లు ఉండవచ్చు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి యువకులను కంబోడియాకు పంపడం ఆ ముఠా పని. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో బంధించి, భారతీయులనే ఆన్‌లైన్‌లో మోసం చేసే పని చేయించారని తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. టాస్క్ మోసాలు కూడా అలాంటి కేంద్రాల్లో నడిచే పనుల్లో ఒకటి. మాటలు ముందే రాసి ఉంటాయి, రోజుకు ఇంత రాబట్టాలన్న లక్ష్యం ఉంటుంది. అందుకే వేర్వేరు ఊళ్ల బాధితుల చాట్లు పక్కపక్కన పెడితే అక్షరం తేడా లేకుండా కలుస్తాయి.

మోసమని తెలిసిన వెంటనే చాలామంది చేసే పని మెంటర్‌ను తిట్టడం, పోలీసులకు చెబుతానని బెదిరించడం. దాంతో అవతలివాడు చాట్‌ను రెండు వైపులా చెరిపేసి, గ్రూపులోంచి తీసేసి మాయమవుతాడు. ముందు చేయాల్సింది చప్పుడు లేకుండా ఆధారాలు దాచుకోవడం. చాట్ మొత్తాన్ని పైనుంచి కిందికి స్క్రీన్ రికార్డు చేయాలి. వాట్సాప్ నంబరు, టెలిగ్రామ్ యూజర్‌నేమ్‌లు, గ్రూపు లింకు, సైట్ చిరునామా రాసుకోవాలి. పంపిన ప్రతి బదిలీకీ తేదీ, సమయం, మొత్తం, ఎవరి యూపీఐకి వెళ్లిందో, యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు ఒకచోట పెట్టుకోవాలి. ఇవన్నీ పది నిమిషాల పని.

వెంటనే 1930 కు ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. తమ బ్యాంకుకు కూడా చెప్పాలి. ఈ నంబరు వెనక పోలీసులనూ బ్యాంకులనూ కలిపే వ్యవస్థ ఉంది. యూటీఆర్ ఇవ్వగానే డబ్బు ఏ ఖాతాకు చేరిందో ఆ బ్యాంకుకు సమాచారం వెళ్లి, ఇంకా అక్కడే ఉన్న మొత్తాన్ని కదలకుండా ఆపుతారు. మోసగాళ్లు ఆ డబ్బును ఒక ఖాతాలోంచి నాలుగింటికి, అక్కడి నుంచి ఇంకో పదింటికి పంచుతారు, కొంత ఏటీఎంలలో తీసేస్తారు, కొంత క్రిప్టో కొంటారు. మొదటి ఖాతాలో ఉండగా పట్టుకోవడానికీ నాలుగో అంచెకు చేరాక వెతకడానికీ చాలా తేడా. అందుకే రేపు ఇంట్లో చెప్పాక చూద్దామని ఒక రాత్రి ఆగితే కూడా దొరికే మొత్తం తగ్గిపోతుంది. కట్టిన వాటిలో చివరి మొత్తాలే పెద్దవీ, ఇటీవలివీ కాబట్టి దక్కే అవకాశం వాటికే ఎక్కువ.

ఆగిన డబ్బు దానంతట అది తిరిగి ఖాతాలో పడదు. అది ఫిర్యాదుదారుదేనని తేలాక సాధారణంగా కోర్టు ఉత్తర్వుతో విడుదలవుతుంది. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి అలా సొమ్ము తిరిగి అందింది. ఇతరుల పేరుతో కంప్యూటర్ ద్వారా మోసం చేసినందుకు ఐటీ చట్టం 66డి సెక్షన్, మోసానికి భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద సాధారణంగా కేసు పెడతారు. ఘటన ఎక్కడ జరిగిందన్న ప్రశ్న లేకుండా దగ్గరి స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఫిర్యాదు తర్వాత కొన్ని వారాలకు ఇంకో మెసేజ్ రావచ్చు. ‘మీరు పోగొట్టుకున్న డబ్బు మా దగ్గర ఉంది, సైబర్ విభాగం నుంచి మాట్లాడుతున్నాం, ప్రాసెసింగ్ ఫీజు 4,999 కడితే రేపే జమ చేస్తాం.’ బాధితుల నంబర్లు, పోగొట్టుకున్న మొత్తాలు అదే ముఠాల దగ్గర ఉంటాయి, కాబట్టి వాళ్లు చెప్పే వివరాలు సరిగ్గానే ఉంటాయి. పోలీసులు గానీ బ్యాంకు గానీ కోర్టు గానీ ఆగిన సొమ్ము ఇవ్వడానికి ఫోన్‌లో రుసుము అడగరు. అలాంటి మెసేజ్ వస్తే దాన్ని కూడా స్క్రీన్‌షాట్ తీసి, పాత ఫిర్యాదు నంబరుకు జతచేసి దర్యాప్తు అధికారికి ఇవ్వాలి.